ఎఫ్‌పీఎస్ 80 ఉన్నా గేమ్ ఎందుకు ఆగుతోంది? ఫ్రేమ్ టైమ్ లాగ్‌తో తేల్చుకునే పద్ధతి

"అన్నా, మూలన 80 ఎఫ్‌పీఎస్ చూపిస్తోంది. కానీ జనం ఉన్న వీధిలోకి వెళ్లగానే పట్టి పట్టి నడుస్తోంది. సెట్టింగ్స్ తగ్గించాలా, కార్డు మార్చాలా?" హైదరాబాద్‌లో పీసీలు కట్టుకునే కుర్రాళ్ల నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. కొలవకుండా దీనికి జవాబు చెప్పడమంటే వాళ్ల డబ్బుతో పందెం కాయడమే. అందుకే కొలిచే పద్ధతిని మొదటి నుంచి చివరిదాకా ఇక్కడ రాస్తున్నాను.

ఉదాహరణకు మన దగ్గర చాలామంది ఇళ్లల్లో ఉండే పీసీనే తీసుకుందాం. 6 కోర్ల ప్రాసెసర్, 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు, ఒకే స్టిక్‌గా పెట్టిన 16 జీబీ ర్యామ్, 1080పీ మానిటర్. గేమ్ సైబర్‌పంక్ 2077. తేల్చాల్సింది ఒక్కటే: రిఫ్లెక్షన్స్ తగ్గిస్తే ఆ ఆగడం పోతుందా? కింద ఇచ్చే ఎఫ్‌పీఎస్ అంకెలు లెక్క ఎలా చదవాలో చూపించడానికి వేసుకున్నవి. మీ పీసీలో వేరేగా వస్తాయి.

## 1. ముందు రెండు అంకెలు అర్థం చేసుకోండి

ఒక ఫ్రేమ్‌కీ తర్వాతి ఫ్రేమ్‌కీ మధ్య గడిచిన సమయమే ఫ్రేమ్ టైమ్. మిల్లీసెకన్లలో చూస్తాం. 16.7 అయితే 60 ఎఫ్‌పీఎస్, 10 అయితే 100.

ప్రతి ఫ్రేమ్ 10 మిల్లీసెకన్లకు వస్తే సగటు 100 ఎఫ్‌పీఎస్. ఒక ఫ్రేమ్ 5కి, తర్వాతిది 15కి, మళ్లీ 5కి, మళ్లీ 15కి వచ్చినా సగటు 100 ఎఫ్‌పీఎస్సే. మొదటిది వెన్నలా సాగుతుంది, రెండోది కంటికి గుచ్చుకుంటుంది. మూలన కనిపించే అంకె ఈ తేడాను చూపించదు.

1% లోస్, అంటే ఇంగ్లిష్‌లో 1% lows, దాన్ని చూపిస్తుంది. అన్ని ఫ్రేమ్‌లనూ ఆలస్యాన్ని బట్టి వరుసలో పెట్టి, బాగా ఆలస్యమైన ఒక శాతం ఎంత వేగంతో వచ్చాయో చెప్పే అంకె ఇది. దీన్ని రెండు రకాలుగా లెక్కిస్తారు. ఆ ఒక శాతం మొదలయ్యే గీత దగ్గరి విలువ తీసుకోవడం ఒకటి, ఆ ఒక శాతం ఫ్రేమ్‌ల సగటు తీసుకోవడం ఇంకొకటి. రెండో పద్ధతిలో అంకె ఎప్పుడూ కాస్త తక్కువే వస్తుంది. యూట్యూబ్‌లో ఎవరో చూపించిన అంకెతో మీది కలవకపోవడానికి ఇది పెద్ద కారణం. ఏదో ఒక పద్ధతి పట్టుకుని చివరిదాకా దానితోనే పోల్చండి.

## 2. పీసీని సిద్ధం చేయండి

సగం తప్పులు ఇక్కడే జరుగుతాయి. గేమ్ తెరిచే ముందు ఇవి చూసుకోండి:

- వీ-సింక్ ఆఫ్. గేమ్‌లో, డ్రైవర్‌లో, ఇంకే టూల్‌లో ఎఫ్‌పీఎస్ లిమిట్ ఉన్నా తీసేయండి.
- ఫ్రేమ్ జనరేషన్ ఆఫ్. డైనమిక్ రిజల్యూషన్ ఆఫ్. అప్‌స్కేలింగ్ వాడితే పోల్చే రన్‌లన్నింటిలో ఒకే మోడ్.
- వన్‌డ్రైవ్ సింక్, విండోస్ అప్‌డేట్, యాంటీవైరస్ స్కాన్, గేమ్ లాంచర్ డౌన్‌లోడ్లు ఆపండి. బ్రౌజర్ మూసేయండి.
- ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టి, ఒకే పవర్ మోడ్‌లో ఉంచండి.
- గ్రాఫిక్స్ డ్రైవర్ వెర్షన్, గేమ్ వెర్షన్ రాసుకోండి. పోలిక పూర్తయ్యేదాకా రెండూ మార్చొద్దు.

లిమిట్ ఎందుకు తీయాలంటే, 60 దగ్గర కట్టేసిన గేమ్‌లో ఏ సెట్టింగ్ పెట్టినా ఫ్రేమ్‌లు 16.7 దగ్గరే కుప్ప పడతాయి. తేడా ఉన్నా కనబడదు. పైగా గ్రాఫిక్స్ కార్డు పని ముగించుకుని ఖాళీగా కూర్చుంటుంది కాబట్టి, లాగ్ చూసినవాళ్లు తప్పంతా ప్రాసెసర్ మీదకు నెడతారు. కొలవడం అయిపోయాక లిమిట్ మళ్లీ పెట్టుకోండి, ఆడుకోవడానికి అది మంచిదే.

వేడి సంగతి విడిగా చెప్పాలి. మే నెల మధ్యాహ్నం మన గదుల్లో ఏసీ లేకుండా తీసిన రన్‌నూ, రాత్రి ఏసీ వేసి తీసిన రన్‌నూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. చిప్ వేడెక్కితే క్లాక్ తగ్గిస్తుంది, ల్యాప్‌టాప్‌లలో ఇది ఇంకా ఎక్కువ. ఒకే పూట, ఒకే ఏసీ లేదా ఫ్యాన్ సెట్టింగ్‌తో మొత్తం పని ముగించండి. మొదలుపెట్టే ముందు 15 నిమిషాలు మామూలుగా ఆడి పీసీని వేడెక్కనివ్వండి. చల్లగా ఉన్న పీసీలో తీసిన మొదటి రన్ ఎప్పుడూ కాస్త ఎక్కువ చూపించి మోసం చేస్తుంది. మధ్యలో కరెంటు పోయి ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదకు వెళితే ఆ రన్‌ను పక్కన పడేయండి. బ్యాటరీ మీద పవర్ లిమిట్ పడిపోతుంది.

## 3. రూటు ఖాయం చేసుకోండి

సైబర్‌పంక్‌లో బిల్ట్-ఇన్ బెంచ్‌మార్క్ ఉంది, ప్రతిసారీ ఒకేలా నడుస్తుంది. కానీ మీ ఫిర్యాదు జనం ఉన్న వీధి గురించి అయితే, ఆ వీధిలోనే కొలవాలి. చాలా బెంచ్‌మార్క్‌లు గ్రాఫిక్స్ కార్డు మీద భారం వేస్తాయి కానీ, మీరు ఆడేటప్పుడు ప్రాసెసర్ మీద పడే భారాన్ని పూర్తిగా చూపించవు.

మార్కెట్ వీధి మొదట్లో ఒక సేవ్ చేసుకోండి. ప్రతి రన్‌కూ అదే సేవ్ లోడ్ చేసి, 20 సెకన్లు కదలకుండా నిలబడి, తర్వాత అదే దారిలో నడవండి. దారి పక్కన గుర్తులు పెట్టుకోండి: ఈ బోర్డు దగ్గర ఎడమకు తిరగాలి, ఆ మెట్ల దగ్గర ఆగాలి. మౌస్‌ను అటూ ఇటూ తిప్పకండి. పరిగెత్తితే ప్రతిసారీ పరిగెత్తండి, నడిస్తే ప్రతిసారీ నడవండి.

రన్ 60 సెకన్లు ఉండాలి. 71 ఎఫ్‌పీఎస్‌లో 60 సెకన్లకు దాదాపు 4,260 ఫ్రేమ్‌లు వస్తాయి. అందులో ఒక శాతం అంటే 43 ఫ్రేమ్‌లు. అదే 15 సెకన్లే తీస్తే ఒక శాతానికి 10, 11 ఫ్రేమ్‌లే మిగులుతాయి. అప్పుడు ఒక్క ఆటోసేవ్ తగిలినా అంకె తారుమారవుతుంది. 0.1% లోస్‌ను ఇంత చిన్న రన్‌లలో నేను అస్సలు నమ్మను. అక్కడ లెక్కలోకి వచ్చేవి నాలుగు ఫ్రేమ్‌లే.

## 4. లాగ్ తీయండి

ఇంటెల్ ఉచితంగా ఇచ్చే ఓపెన్ సోర్స్ టూల్ ప్రజెంట్‌మాన్ వాడదాం. ఏ కంపెనీ కార్డుకైనా పనిచేస్తుంది. కమాండ్ లైన్ వెర్షన్ దించుకుని, ఫైలు పేరును `PresentMon.exe` అని మార్చుకుని ఒక ఫోల్డర్‌లో పెట్టండి. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి ఇది టైప్ చేయండి:

```
PresentMon.exe --process_name Cyberpunk2077.exe --hotkey ALT+SHIFT+F11 --timed 60 --terminate_after_timed --output_file A1.csv
```

ఇక గేమ్‌లోకి వెళ్లి, మొదటి గుర్తు దగ్గర నిలబడి ఆల్ట్, షిఫ్ట్, ఎఫ్11 కలిపి నొక్కి నడక మొదలుపెట్టండి. 60 సెకన్లకు రికార్డింగ్ తనంతట తనే ఆగి, ఫోల్డర్‌లో `A1.csv` ఉంటుంది. తర్వాతి రన్‌కు ఫైలు పేరు మార్చడం మర్చిపోకండి.

వేరే గేమ్ అయితే `--process_name` తర్వాత దాని పేరు రాయాలి. టాస్క్ మేనేజర్‌లో Details ట్యాబ్‌లో ఆ పేరు ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది. ఫైలు ఖాళీగా వచ్చిందంటే సాధారణంగా ఈ పేరు తప్పయి ఉంటుంది, లేదంటే కమాండ్ ప్రాంప్ట్ అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఉండరు.

కమాండ్లంటే ఇబ్బంది అనుకునేవాళ్లు క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్ వాడొచ్చు. అది కూడా లోపల ప్రజెంట్‌మాన్‌నే వాడుతుంది, గ్రాఫ్ కూడా గీసి పెడుతుంది. అందులో క్యాప్చర్ టైమ్‌ను 60 సెకన్లకు మార్చుకోండి, అంతే.

## 5. లెక్క కట్టండి

సీఎస్‌వీ ఫైలును ఎక్సెల్‌లో తెరవండి. `FrameTime` అనే కాలమ్ వెతకండి. వెర్షన్‌ను బట్టి అది `MsBetweenPresents` అని ఉండొచ్చు. అది F కాలమ్‌లో ఉందనుకుంటే, ఫార్ములాలు ఇవి:

```
=COUNT(F:F)*1000/SUM(F:F)
=1000/PERCENTILE.INC(F:F,0.99)
=1000/AVERAGEIF(F:F,">="&PERCENTILE.INC(F:F,0.99))
```

మొదటిది సగటు ఎఫ్‌పీఎస్. రెండోది, మూడోది 1% లోస్‌ను లెక్కించే ఆ రెండు పద్ధతులు. ఈ గైడ్‌లో నేను రెండో ఫార్ములానే వాడుతున్నాను.

సగటు కోసం ప్రతి ఫ్రేమ్‌నూ విడిగా ఎఫ్‌పీఎస్‌లోకి మార్చి, వాటి సగటు తీయొద్దు. ఇందాకటి 5, 15 మిల్లీసెకన్ల ఉదాహరణలో అలా చేస్తే 200కీ 66.7కీ సగటు 133 వస్తుంది. నిజంగా సెకనుకు వచ్చినవి 100 ఫ్రేమ్‌లే.

## 6. రన్‌ల వరుస: ఏ, బీ, ఏ, బీ

ఏ అంటే రిఫ్లెక్షన్స్ అల్ట్రాలో ఉన్న సెట్టింగ్. బీ అంటే ఒక్క `Screen Space Reflections Quality` మాత్రమే Lowకి దించినది. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మూడు మార్చి ఎఫ్‌పీఎస్ పెరిగిందంటే, ఏది పెంచిందో ఎవరూ చెప్పలేరు.

మొదటి నడకను లెక్కలోకి తీసుకోకండి. కొత్త చోటుకు మొదటిసారి వెళ్లినప్పుడు షేడర్లు, అంటే కార్డు బొమ్మ గీయడానికి వాడే చిన్న ప్రోగ్రాములు, తయారవడం, ఫైళ్లు డిస్క్ నుంచి రావడం జరుగుతాయి. ఆ ఆలస్యాలు రెండో రన్‌లో చాలావరకు ఉండవు. గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ చేశాక కూడా షేడర్లు మళ్లీ తయారవుతాయి కాబట్టి, ఆ రోజు ఇంకో రెండు నడకలు వదిలేయండి.

తర్వాత మూడు ఏలు వరుసగా, మూడు బీలు వరుసగా తీయకుండా ఏ, బీ, ఏ, బీ, ఏ, బీ అని మార్చి మార్చి తీయండి. గది నెమ్మదిగా వేడెక్కుతుంటే ఆ భారం రెండింటి మీదా సమానంగా పడుతుంది. కాస్త విసుగే కానీ, వేసవిలో ఇది తప్పదు.

ఇలా వచ్చాయనుకుందాం:

- ఏ సగటు: 71, 72, 71. ఏ 1% లోస్: 44, 46, 43.
- బీ సగటు: 78, 78, 79. బీ 1% లోస్: 45, 43, 46.

సగటులో ఏ వైపు అంకెలన్నీ 72 లోపే, బీ వైపు అంకెలన్నీ 78 లేదా ఆపైనే. ఎక్కడా ఒకదానిలోకి ఒకటి రాలేదు. కాబట్టి అది నిజమైన తేడా.

1% లోస్‌లో మాత్రం ఒకే సెట్టింగ్‌లోనే 43 నుంచి 46 దాకా ఊగుతోంది. రెండో వైపు కూడా అదే 43 నుంచి 46. ఈ మూడు ఎఫ్‌పీఎస్‌ల ఊగిసలాట మీ నడకలో, గేమ్‌లోని జనంలో వచ్చే సహజమైన తేడా. దానికన్నా చిన్న మార్పును "పెరిగింది" అనడానికి లేదు. ఒక్కొక్క రన్ మాత్రమే తీసి 43నీ 46నీ పోల్చి ఉంటే, రిఫ్లెక్షన్స్ తగ్గిస్తే ఆగడం తగ్గిందని నమ్మేవాళ్లం.

అంటే రిఫ్లెక్షన్స్ తగ్గిస్తే సగటు పెరిగింది. వీధిలో ఆగడం ఎక్కడిది అక్కడే ఉంది.

## 7. ఆగడానికి కారణం ఎవరు?

ఇప్పుడు బీ ఫైలు ఒకటి తెరిచి, ఫ్రేమ్ టైమ్ కాలమ్‌ను పెద్ద నుంచి చిన్నకు సార్ట్ చేయండి. పక్కనే `GPUBusy` కాలమ్ చూడండి. కొన్ని వెర్షన్లలో పేరు ముందు Ms ఉంటుంది. ఆ ఫ్రేమ్ కోసం గ్రాఫిక్స్ కార్డు నిజంగా ఎన్ని మిల్లీసెకన్లు పని చేసిందో అందులో ఉంటుంది.

మామూలు ఫ్రేమ్‌లలో ఫ్రేమ్ టైమ్ 12.6 అయితే జీపీయూ పని 12.3. రెండూ దాదాపు ఒకటే. అంటే అక్కడ కార్డే హద్దు, అందుకే రిఫ్లెక్షన్స్ తగ్గించగానే సగటు పెరిగింది.

పైన ఉన్న చెడ్డ ఫ్రేమ్‌లు చూడండి: ఫ్రేమ్ టైమ్ 24.0, జీపీయూ పని 12.2. ఇంకోటి 23.1, 12.4. ఇంకోటి 22.6, 11.9. కార్డు 12 మిల్లీసెకన్లలో తన పని ముగించేసి, మిగతా సమయమంతా ఖాళీగా ఉంది. ఆలస్యం ప్రాసెసర్, ర్యామ్ వైపు నుంచి వచ్చింది.

ఇక్కడ చాలామంది "ప్రాసెసర్ వాడకం 45 శాతమే చూపిస్తోంది, అది ఎలా అడ్డవుతుంది?" అని అడుగుతారు. 12 థ్రెడ్ల ప్రాసెసర్‌లో ఒక్క థ్రెడ్ పూర్తిగా నిండిపోయినా మొత్తం మీద దాని వాటా 8 శాతమే. గేమ్ ముఖ్యమైన పని చేసే థ్రెడ్ నిండితే, మిగతావి ఎంత ఖాళీగా ఉన్నా ఫ్రేమ్ ఆగుతుంది. అందుకే ఆ శాతం చూసి తీర్పు చెప్పొద్దు.

నిర్ధారణకు రిజల్యూషన్‌ను 1280x720కి దించి మూడు రన్‌లు తీయండి. కార్డు భారం బాగా తగ్గుతుంది, ప్రాసెసర్ భారం దాదాపు అంతే ఉంటుంది. సగటు 78 నుంచి 98కి ఎగిరి, 1% లోస్ 46 దగ్గరే ఉంటే సందేహం తీరినట్టే. కొత్త కార్డు కొన్నా ఆ వీధిలో ఆగడం పోదు.

ఇప్పుడు ప్రాసెసర్ భారం తగ్గించే సెట్టింగ్ వెతకాలి. సైబర్‌పంక్‌లో అది గ్రాఫిక్స్ మెనూలో ఉండదు. Gameplay ట్యాబ్‌లో `Crowd Density` ఉంటుంది. దాన్ని High నుంచి Lowకి దించి, 1080పీలో అదే వీధిలో మళ్లీ మూడు రన్‌లు. సగటు 80, 1% లోస్ 55, 57, 56 వచ్చాయనుకోండి. సగటు పెద్దగా కదల్లేదు, లోస్ పదికి పైగా పెరిగాయి. మూలన ఉన్న అంకెనే చూసేవాళ్లు ఈ సెట్టింగ్ దండగ అని వెనక్కి మార్చేస్తారు. ఆడేటప్పుడు తేడా తెలిసేది మాత్రం దీనివల్లే.

తర్వాత ర్యామ్. టాస్క్ మేనేజర్‌లో Performance, Memory తెరవండి. Slots used దగ్గర "1 of 2" అని ఉంటే ఒకే స్టిక్ మీద నడుస్తోంది. రెండో స్టిక్ సరైన స్లాట్‌లో పెడితే మెమరీ బ్యాండ్‌విడ్త్ సిద్ధాంతపరంగా రెట్టింపవుతుంది, ప్రాసెసర్ హద్దుగా ఉన్న ఇలాంటి చోట అది 1% లోస్‌లోనే ఎక్కువగా కనిపిస్తుంది. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి వెళ్లి కొనే ముందు, స్నేహితుల దగ్గర అదే రకం, అదే స్పీడు స్టిక్ గంటసేపు దొరుకుతుందేమో అడగండి. పెట్టి, బయోస్‌లో ర్యామ్‌ను దాని పూర్తి స్పీడులో నడిపే ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ఆన్‌లో ఉందో లేదో చూసి, అదే వీధిలో మూడు రన్‌లు తీయండి. లోస్ మీ ఊగిసలాట దాటి పెరిగితేనే డబ్బు పెట్టండి.

## 8. గ్రాఫ్ ఇంకోలా కనిపిస్తే

ఫ్రేమ్ టైమ్ కాలమ్‌ను సార్ట్ చేయకుండా లైన్ చార్ట్‌గా గీయండి. ఒకే 1% లోస్ అంకె వెనక వేరు వేరు జబ్బులు ఉంటాయి, వాటి ఆకారాలు కూడా వేరు.

కొత్త చోటుకు తిరిగినప్పుడల్లా పొడవైన ముళ్లు, మిగతా అంతా చదునుగా. వీడియో మెమరీని అనుమానించండి. గేమ్ నడుస్తుండగా టాస్క్ మేనేజర్ జీపీయూ పేజీ చూడండి. Dedicated GPU memory నిండిపోయి, Shared GPU memory పెరుగుతూ ఉంటే కార్డు మెమరీ చాలడం లేదు. అప్పుడు `Texture Quality` ఒక మెట్టు దించి కొలవండి. ఈ సెట్టింగ్ సైబర్‌పంక్‌లో మెయిన్ మెనూ నుంచే మారుతుంది. మార్చాక గేమ్ మూసి మళ్లీ తెరవండి, లేకపోతే పాత డేటా మెమరీలో మిగిలి ఫలితాన్ని చెడగొట్టొచ్చు.

మొదటి రన్‌లో ముళ్లు, రెండో రన్‌లో మాయం. షేడర్ల పని. పోలికలోంచి ఆ రన్ తీసేయండి, సెట్టింగ్స్ మార్చాల్సిన పని లేదు.

గడియారం కొట్టినట్టు సమాన వ్యవధిలో ముళ్లు. గేమ్ తప్పు కాకపోవచ్చు. సెన్సర్లు చదివే టూల్స్, లైట్ల సాఫ్ట్‌వేర్ లాంటివి ఒక్కొక్కటే మూసి చూడండి. సెన్సర్ టూల్ తప్పనిసరైతే, చదివే వ్యవధిని 2 సెకన్లకు పెంచండి.

ముళ్లు లేవు, గీత మొత్తం నెమ్మదిగా పైకి పాకుతోంది. వేడి. మొదట్లో 12.5 ఉన్న ఫ్రేమ్ టైమ్ అదే దారిలో గంట తర్వాత 14 అయితే, క్లాక్ పడిపోతోందా చూడండి. ల్యాప్‌టాప్ వెనక భాగం కాస్త ఎత్తి, గాలి దారులు శుభ్రం చేసి, మొదటి నుంచి మళ్లీ తీయండి. సగంలో దొరికిన పాత రన్‌లను కొత్తవాటితో కలపొద్దు.

గీత 16.7 దగ్గర రూలర్ పెట్టి గీసినట్టు ఉంది. లిమిట్ ఎక్కడో ఇంకా ఆన్‌లోనే ఉంది. డ్రైవర్ కంట్రోల్ ప్యానెల్‌లో ఆ గేమ్‌కు విడిగా పెట్టిన ప్రొఫైల్ చూడండి, చాలాసార్లు అక్కడ దాక్కుని ఉంటుంది.

ఎఫ్‌పీఎస్ ఒక్కసారిగా దాదాపు రెట్టింపు అయింది, ఆడితే మాత్రం మౌస్ బరువుగానే ఉంది. ఫ్రేమ్ జనరేషన్ ఆన్ అయింది. మధ్యలో పుట్టించిన ఫ్రేమ్‌లు లాగ్‌లో కలిసి లోస్‌ను పెంచి చూపిస్తాయి. ఆఫ్ చేసి, గేమ్ మళ్లీ తెరిచి, ఆ జత రన్‌లు రెండూ మళ్లీ తీయండి.